కార్డుపై పునరావృత చెల్లింపుల నిలుపుదల

చందా, సభ్యత్వం, బీమా ప్రీమియం లాంటి వాటికి నెలనెలా లేదా ఏటా కార్డు నుంచి దానంతట అదే పోయే సొమ్మును ఇకపై పోనివ్వొద్దని కార్డుదారు తన బ్యాంకును కోరడాన్ని పునరావృత చెల్లింపుల నిలుపుదల అంటారు. వాడుకలో దీన్ని ‘ఆటో డెబిట్ ఆపించడం’, ‘మ్యాండేట్ తీసేయడం’ అంటున్నారు. చందా రద్దు చేసుకున్నాక కూడా కంపెనీ డబ్బు లాగుతూనే ఉన్నప్పుడు ఈ అవసరం ఎక్కువగా పడుతుంది. భారతదేశంలో జారీ అయిన కార్డులకు ఇందుకు భారతీయ రిజర్వు బ్యాంకు 2019లో తెచ్చిన ఈ-మ్యాండేట్ నిబంధనలు ఆధారం. ఈ వ్యాసం ప్రధానంగా ఆ విధానాన్ని వివరిస్తుంది. విదేశీ కార్డుల సంగతి చివర్లో క్లుప్తంగా ఉంది.

నాలుగు వేర్వేరు పనులు

ఈ విషయంలో గందరగోళమంతా నాలుగు పనులను ఒక్కటిగా అనుకోవడం వల్ల వస్తుంది. కంపెనీ దగ్గర చందా రద్దు చేసుకోవడం ఒకటి. దానితో కొనుగోలుదారుకీ కంపెనీకీ మధ్య ఒప్పందం ముగుస్తుంది. బ్యాంకులో మ్యాండేట్ ఉపసంహరించుకోవడం రెండోది. దానితో డబ్బు లాగే అనుమతి పోతుంది. కార్డును బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవడం మూడోది. ఇది కార్డు పోయినప్పుడు, దొంగతనం జరిగినప్పుడు చేయాల్సిన పని. ఇప్పటికే పోయిన సొమ్మును వెనక్కి రప్పించడానికి వివాదం నమోదు చేయడం నాలుగోది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు.

వీటిలో ఏ ఒక్కటి చేసినా మిగతావి వాటంతట అవి జరిగిపోవు. కంపెనీ యాప్‌లో రద్దు మీట నొక్కినా బ్యాంకు దగ్గర మ్యాండేట్ బతికే ఉండవచ్చు. మ్యాండేట్ తీసేసినా గత నెల పోయిన సొమ్ము తిరిగి రాదు. కార్డు మార్చినంత మాత్రాన చందా ఆగుతుందన్న హామీ కూడా లేదు. కార్డు నంబరు మారినప్పుడు కొత్త వివరాలను వ్యాపారులకు అందించే సేవలను వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు చాలా దేశాల్లో నడుపుతున్నాయి. కార్డు గడువు తీరిందని మంచి ఖాతాదారుల సేవలు తెగిపోకుండా పెట్టిన ఏర్పాటు అది. తప్పించుకోవాలనుకున్న ఖాతాదారుకు అదే అడ్డు తగులుతుంది.

చరిత్ర

2019కి ముందు కార్డుపై చందా కట్టడమంటే కార్డు వివరాలను కంపెనీ చేతిలో పెట్టడమే. ఎప్పుడు ఎంత తీసుకోవాలో కంపెనీ వైపు నుంచే నడిచేది. ఆపాలంటే మళ్లీ ఆ కంపెనీనే అడగాల్సి వచ్చేది. రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టు 21న ఇచ్చిన ఉత్తర్వు ఈ ఏర్పాటును తిరగేసింది. అనుమతిని నమోదు చేసే పని, ముందస్తు సమాచారం ఇచ్చే పని, రద్దు చేసే పని కార్డు జారీ చేసిన బ్యాంకు మీద పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మొదట్లో ఒక్కో చెల్లింపుకు 2,000 రూపాయల పరిమితి పెట్టారు. 2021 జనవరి నుంచి దాన్ని 5,000కు పెంచారు.

పాత పద్ధతిలో నడుస్తున్న చందాలన్నీ కొత్త విధానంలోకి రావడానికి ఇచ్చిన గడువు 2021 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ అక్టోబరు మొదటి వారంలో ఎందరికో ఓటీటీ, దినపత్రిక, క్లౌడ్ నిల్వ చందాల చెల్లింపులు ఆగిపోయాయి. అప్పటి విసుగు ఇంకా గుర్తున్నవారు ఉంటారు. ఇవాళ బ్యాంకు యాప్‌లో మ్యాండేట్ల జాబితా కనబడుతున్నదంటే అది ఆ మార్పు ఫలితమే.

2022 జూన్ 16న పరిమితిని 15,000 రూపాయలకు పెంచారు. 2023 డిసెంబరులో మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లులకు మాత్రం లక్ష రూపాయల వరకు వెసులుబాటు ఇచ్చారు. పరిమితి దాటిన ప్రతి చెల్లింపుకూ ఓటీపీ అడుగుతారు. కాబట్టి పెద్ద మొత్తాలు కార్డుదారుకు తెలియకుండా పోయే అవకాశం తక్కువ. చిక్కంతా చిన్న మొత్తాలతోనే.

పనిచేసే విధానం

చందా మొదలుపెట్టేటప్పుడు కార్డుదారు ఓటీపీ కొట్టి అనుమతి నమోదు చేస్తారు. అందులో ఎంత కాలం, ఎంత మొత్తం అన్నవి ఉంటాయి. మొత్తం నెలనెలా మారేదైతే గరిష్ఠ పరిమితిని కార్డుదారు పెట్టుకోవచ్చు. ఆచరణలో ఆ గడిలో 799 రూపాయల చందాకు 15,000 అని ముందే నింపి ఉండటం కనబడుతుంది. చాలామంది చదవకుండానే ఓటీపీ కొట్టేస్తారు. రేపు కంపెనీ ధర పెంచితే ఆ పరిమితి కింద పెరిగిన మొత్తం కూడా దూరిపోతుంది.

డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు కార్డుదారుకు ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్ పంపాలి. అందులో వ్యాపారి పేరు, మొత్తం, తేదీ, మ్యాండేట్ నంబరు, ఎందుకు తీసుకుంటున్నారన్న కారణం ఉండాలి. ఫాస్టాగ్‌లోనూ, మెట్రో లాంటి చోట్ల వాడే ఎన్‌సీఎంసీ కార్డుల్లోనూ నిల్వ తగ్గగానే దానంతట అదే నింపుకునే చెల్లింపులకు 2024 ఆగస్టులో ఈ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. మిగతా వాటికి ముందస్తు సందేశం తప్పనిసరి.

ఆ సందేశం అందాక కార్డుదారుకు రెండు దారులుంటాయి. ఈ ఒక్క చెల్లింపు వద్దనవచ్చు, లేదా మొత్తం మ్యాండేట్‌నే ఎత్తేయవచ్చు. రెండిటికీ బ్యాంకు ఓటీపీ అడుగుతుంది. తేడా గమనించకపోతే నెల తిరిగేసరికి మళ్లీ అదే కథ. మొదటి దారి ఎంచుకుంటే ఆ నెల గండం మాత్రమే గడుస్తుంది. చందాతో తెగతెంపులు కావాలంటే రెండో దారి పట్టాలి.

మ్యాండేట్‌ను ఎప్పుడైనా ఉపసంహరించుకునే సౌకర్యం ఆన్‌లైన్‌లో ఇవ్వాలని నిబంధన. ఇందుకు రుసుము ఉండదు. బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో కార్డుల విభాగంలో ‘స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్’, ‘ఈ-మ్యాండేట్స్’ లాంటి పేర్లతో ఇది కనిపిస్తుంది. కొన్ని బ్యాంకుల లింకు నొక్కితే బిల్‌డెస్క్ సంస్థ నడిపే `sihub.in` పేజీకి తీసుకెళ్తుంది. బ్యాంకు యాప్ నుంచి కాక గుర్తు తెలియని నంబరు నుంచి వచ్చిన ఎస్ఎంఎస్‌లోని లింకు ద్వారా అలాంటి పేజీ తెరుచుకుంటే దాన్ని నమ్మకూడదు. మ్యాండేట్ రద్దు పేరుతో ఓటీపీ లాగే మోసగాళ్లు ఉన్నారు.

ఉపసంహరణ తర్వాత ఆ మ్యాండేట్ మీద మరో చెల్లింపు జరగకుండా చూడాల్సింది బ్యాంకు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. ముందస్తు సందేశం వెళ్లిపోయి, డబ్బు ఇంకా పోని మధ్యకాలంలో మ్యాండేట్ తీసేస్తే, దారిలో ఉన్న ఆ ఒక్క చెల్లింపు జరగవచ్చు. కాబట్టి చందా తేదీ పదో తారీఖైతే ఏడో తారీఖులోపే పని ముగించుకోవడం క్షేమం. సందేశం వచ్చేశాక మేలుకుంటే ముందు ఆ ఒక్క చెల్లింపును వద్దని, ఆ తర్వాత మ్యాండేట్ తీసేయాలి.

ఒక సందర్భం: తేదీలతో సహా

కింది ఉదాహరణ ఊహించి రాసినది. ఇందులోని చిక్కులు మాత్రం తరచూ ఎదురయ్యేవే.

రాజమండ్రిలో ఒక ఉపాధ్యాయురాలు ఇంగ్లిషు నేర్పే యాప్‌కు క్రెడిట్ కార్డుపై నెలకు 799 రూపాయల చందా కట్టారు. ప్రతి నెలా పదో తేదీన డబ్బు పోతుంది. జూన్ 28న ఆమె యాప్‌లో చందా రద్దు చేశారు. ‘మీ ప్లాన్ జూలై 9తో ముగుస్తుంది’ అని ఈమెయిల్ వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నారు. జూలై 9 ఉదయం బ్యాంకు నుంచి ‘రేపు రూ. 799 డెబిట్ అవుతుంది’ అని ఎస్ఎంఎస్ వచ్చింది. రద్దుకు ముందే బయల్దేరిన సందేశమేమో అనుకుని వదిలేశారు. జూలై 10న డబ్బు పోయింది. కంపెనీకి రాసిన ఈమెయిల్‌కు యాంత్రికమైన జవాబు తప్ప మరేమీ రాలేదు.

జూలై 13న ఆమె బ్యాంకు యాప్ తెరిచి మ్యాండేట్ల జాబితా చూశారు. అందులో యాప్ పేరు లేదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. యాప్ పేరు ఒకటైతే దాని వెనకున్న కంపెనీ నమోదు పేరు మరొకటి కావచ్చు. పేరుతో కాకుండా స్టేట్‌మెంట్‌లోని మొత్తం, తేదీలతో జాబితాను సరిపోల్చగా 799 రూపాయల వరుస దొరికింది. మ్యాండేట్ నంబరు రాసుకుని, ఓటీపీ కొట్టి దాన్ని తీసేశారు. నిర్ధారణ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నారు.

పోయిన 799 కోసం కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే అటువైపు మొదటి ప్రశ్న, ‘ఈ లావాదేవీ మీరు చేయలేదా, మేడమ్?’ అని. చేయలేదంటే అది మోసం ఖాతాలోకి వెళ్తుంది. కార్డు బ్లాక్ చేసి కొత్త కార్డు పంపుతారు. ఆ తర్వాత పరిశీలనలో ఓటీపీతో నమోదైన మ్యాండేట్ బయటపడి ఫిర్యాదు కొట్టేసే ప్రమాదం ఉంది. ఆమె సరైన జవాబే చెప్పారు: ‘చందా నేనే కట్టాను. జూన్ 28న రద్దు చేసుకున్నాను. రద్దయ్యాక తీసుకున్న డబ్బు ఇది.’ ఈ ఒక్క మాటతో ఫిర్యాదు మోసం నుంచి రద్దయిన పునరావృత లావాదేవీ అనే వర్గానికి మారింది. వీసా నిబంధనల్లో దీనికి 13.2 అనే ప్రత్యేక సంకేతం ఉంది. మాస్టర్‌కార్డ్‌లో ఇది 4853 కింద వస్తుంది.

ఫిర్యాదుతో పాటు ఆమె మూడే కాగితాలు జతచేశారు. రద్దు నిర్ధారించిన ఈమెయిల్, జూలై 10 నాటి స్టేట్‌మెంట్ వరుస, కంపెనీకి తాను రాసిన ఉత్తరం. వీటిలో మొదటిదే అసలు బలం. అందులో రద్దు తేదీ, సేవ ముగిసే తేదీ రెండూ ఉన్నాయి. డబ్బు తీసుకున్న తేదీ ఆ రెండిటి తర్వాతిది. బ్యాంకు ఈ వివాదాన్ని కార్డు నెట్‌వర్క్ ద్వారా కంపెనీ తరఫు బ్యాంకుకు పంపుతుంది. కంపెనీ తన ఆధారాలతో ఎదురు చెప్పవచ్చు. చెప్పకపోతే, చెప్పినా నిలబడకపోతే సొమ్ము కార్డుదారుకు దక్కుతుంది.

వివాదానికి గడువు

వీసా నిబంధనల్లో ఈ రకం వివాదానికి 120 రోజుల వ్యవధి ఉంది. ఇది బ్యాంకుల మధ్య లెక్క. ఖాతాదారు నుంచి ఫిర్యాదు తీసుకోవడానికి బ్యాంకులు తమ సొంత గడువులు తక్కువగా పెట్టుకుంటాయి. స్టేట్‌మెంట్ వచ్చిన నెలలోనే రాయడం మంచిది. ఆర్నెల్లుగా పోతున్న చందాను ఇప్పుడు గమనిస్తే పాత నెలలు గడువు దాటిపోయి, ఇటీవలివి మాత్రమే వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది.

క్రెడిట్ కార్డు అయితే మరో జాగ్రత్త అవసరం. మోసమని వివాదం పెట్టిన లావాదేవీపై అది తేలేదాకా చార్జీలు వేయకూడదని రిజర్వు బ్యాంకు కార్డు నిబంధనలు చెబుతున్నాయి. రద్దయిన చందా మోసం కింద రాదు. కాబట్టి వివాదంలో ఉందని 799 మినహాయించి బిల్లు కడితే మిగిలిన దానిపై వడ్డీ పడవచ్చు. బ్యాంకు తాత్కాలికంగా ఆ మొత్తం జమ చేసిందో లేదో చూసుకుని కట్టాలి.

మ్యాండేట్ కనబడనప్పుడు

జాబితా అంతా వెతికినా ఆ చందా కనబడకపోతే డబ్బు వేరే దారిన పోతోందని అర్థం. స్టేట్‌మెంట్‌లోని వరుసను నిదానంగా చదివితే ఏ దారో తెలుస్తుంది. ఫోన్‌లోని యాప్ స్టోర్ పేరు కనిపిస్తే మ్యాండేట్ ఆ స్టోర్ పేరిట ఉంటుంది. చందాను స్టోర్ ఖాతాలోనే రద్దు చేయాలి. స్టోర్ మ్యాండేట్‌నే తీసేస్తే అదే ఖాతాపై నడిచే మిగతా చందాలన్నీ ఆగుతాయి. డబ్బు కార్డు నుంచి కాక పొదుపు ఖాతా నుంచి పోతుంటే అది యూపీఐ ఆటోపే కావచ్చు, లేదా ఎన్ఏసీహెచ్ ద్వారా కావచ్చు. యూపీఐ ఆటోపేను ఏ యాప్‌లో అనుమతించారో దానిలోని మ్యాండేట్ల విభాగంలో రద్దు చేయవచ్చు. ఎన్ఏసీహెచ్ కోసం ఖాతా ఉన్న బ్యాంకునే అడగాలి.

ఒక్కోసారి లోపం ఎవరిదీ కాదు. ఇంట్లో ఒకరు పాత ఈమెయిల్‌తో, మరొకరు కొత్త ఈమెయిల్‌తో ఒకే యాప్‌కు రెండు ఖాతాలు తెరిచి, రెండిటికీ ఒకే కార్డు ఇచ్చి ఉంటారు. రద్దు చేసింది ఒక ఖాతాను, డబ్బు పోతున్నది రెండో ఖాతాకు. మ్యాండేట్ నంబరు ఇచ్చి కంపెనీని అడిగితే ఇది నిమిషంలో తేలుతుంది. పేరు, ఈమెయిల్ మాత్రమే చెబితే కంపెనీ ‘మీ చందా ఎప్పుడో రద్దయింది’ అంటూనే ఉంటుంది.

కార్డు వివరాలు కంపెనీ దగ్గర మిగిలి ఉన్నాయన్న భయం కూడా ఉంటుంది. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు నంబరును దాచుకోకూడదు. దాని స్థానంలో టోకెన్ ఉంటుంది. ఏయే వ్యాపారుల దగ్గర తన కార్డుకు టోకెన్లు ఉన్నాయో చూసుకుని తీసేసే వీలును బ్యాంకు కార్డుదారుకు కల్పించాలి. మ్యాండేట్ తీసేశాక ఆ టోకెన్‌ను కూడా తొలగిస్తే పని పూర్తవుతుంది.

పరిమితులు

బ్యాంకు ఆపేది డబ్బును, ఒప్పందాన్ని కాదు. ఏడాది సభ్యత్వాన్ని పన్నెండు వాయిదాల్లో కట్టే ఏర్పాటులో నాలుగో నెలకే మ్యాండేట్ తీసేస్తే, మిగిలిన ఎనిమిది వాయిదాలను కంపెనీ బాకీగా అడగవచ్చు. ముందస్తు నోటీసు గడువు ఉన్న జిమ్ సభ్యత్వం లాంటి వాటిలో రద్దు తర్వాత తీసుకున్న ఒక నెల సొమ్ము న్యాయమైనదే కావచ్చు. అలాంటప్పుడు చార్జ్‌బ్యాక్‌లో కంపెనీదే పైచేయి అవుతుంది. బీమా ప్రీమియం మ్యాండేట్‌ను పొరపాటున తీసేస్తే పాలసీ ఆగిపోయే ప్రమాదం ఉంది. జాబితాలో తీసేసే ముందు వరుసను మరొకసారి చదవాలి.

చందాలోకి సులువుగా దించి, బయటపడే దారిని కష్టం చేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాల్లో నిషిద్ధ పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. రద్దు మీటను దాచేయడం, ఉచిత సేవకే చెల్లింపు వివరాలు బలవంతంగా తీసుకోవడం లాంటివి దీని కిందికి వస్తాయి. ఇది కంపెనీపై ఫిర్యాదుకు ఆధారం. బ్యాంకుతో పనికి దీనితో సంబంధం లేదు.

విదేశీ కార్డులు

ఈ-మ్యాండేట్ నిబంధనలు భారతదేశంలో జారీ అయిన కార్డులకే వర్తిస్తాయి. అమెరికాలో ఉన్న తెలుగువారు అక్కడి కార్డు వాడుతుంటే అక్కడి చట్టమే దిక్కు. డెబిట్ కార్డు, బ్యాంకు ఖాతాల నుంచి పోయే ముందస్తు అనుమతి చెల్లింపులను, చెల్లింపు తేదీకి కనీసం మూడు పనిదినాల ముందు నోటిమాటగా గానీ రాతపూర్వకంగా గానీ చెప్పి ఆపించే హక్కును అక్కడి ‘రెగ్యులేషన్ ఈ’ ఇస్తోంది. నోటితో చెప్పినప్పుడు 14 రోజుల్లో రాసివ్వమని బ్యాంకు అడగవచ్చు. ఆ రాత ఇవ్వకపోతే నోటిమాట చెల్లకుండా పోతుంది. క్రెడిట్ కార్డు బిల్లులోని తప్పులపై, ఆ బిల్లు పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి.

బ్రిటన్‌లో దీన్ని నిరంతర చెల్లింపు అధికారం అంటారు. కార్డుదారు నేరుగా బ్యాంకుకు చెబితే బ్యాంకు ఆపాలి. ముందు కంపెనీతో మాట్లాడి రమ్మని తిప్పి పంపకూడదు. ఆపమన్నాక పోయిన సొమ్మును తిరిగి ఇవ్వాల్సింది కూడా బ్యాంకే.

ఫిర్యాదు మార్గం

భారతదేశంలో మ్యాండేట్ తీసేశాక కూడా డబ్బు పోతే, ఉపసంహరణ నిర్ధారణను జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అప్పటి నుంచి తప్పు కంపెనీదని బ్యాంకు తప్పించుకోలేదు. ఆపే బాధ్యత బ్యాంకుదే కాబట్టి అది బ్యాంకు సేవాలోపం అవుతుంది. అనధికార లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను పరిమితం చేసే నిబంధనలు ఈ చెల్లింపులకు కూడా వర్తిస్తాయని రిజర్వు బ్యాంకు 2019 ఉత్తర్వులోనే చెప్పింది. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా `cms.rbi.org.in` ద్వారా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కంపెనీ మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదుకు రుసుము లేదు. ఎలా చేయాలో తెలియకపోతే రిజర్వు బ్యాంకు సంప్రదింపు కేంద్రం నంబరు 14448కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.